గ్యాస్ కంటే ముందు బ్లోయర్ చూడండి

విజయవాడ పటమటలో మా అక్కవాళ్ళ హాల్లో ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ ఉంది. కొని ఆరేళ్ళయింది. పోయిన ఏప్రిల్‌లో ఫోన్ చేసి, "ఎంతసేపు వేసినా హాలు చల్లబడటం లేదురా" అంది. అప్పటికే ఒక మెకానిక్ వచ్చి, మీటరు పెట్టి చూసి, గ్యాస్ తగ్గిందని చెప్పి, కొంత గ్యాస్ ఎక్కించి వెళ్ళాడు. వారం తిరక్కుండా మళ్ళీ మొదటికొచ్చింది. పైగా రాత్రిపూట ఏసీలోంచి సోఫా మీద నీళ్ళు కారడం కూడా మొదలైంది.

నేను వెళ్ళి ముందు ఏసీ గాలి వచ్చేచోట చెయ్యి పెట్టి చూశాను. గాలి నీరసంగా వస్తోంది, కానీ వచ్చే ఆ కాస్తా మంచులా ఉంది. థర్మామీటరు పెడితే గది 31 డిగ్రీలు, ఏసీ గాలి 9 డిగ్రీలు. జబ్బేమిటో అక్కడే తెలిసింది. గ్యాస్ తగ్గిన ఏసీలో గాలి జోరుగానే వస్తుంది, చల్లదనం ఉండదు. ఇక్కడ చల్లదనం ఉంది, గాలి లేదు. ఫిల్టర్లు తీసి చూస్తే శుభ్రంగానే ఉన్నాయి. టార్చి వేసి గాలి వచ్చే సందులోంచి లోపలికి చూస్తే, నల్లగా ఉండాల్సిన బ్లోయర్ బూడిదరంగు బొంతలా కనిపించింది.

మరి మీటరు గ్యాస్ తక్కువని ఎందుకు చూపించింది? ఆ మెకానిక్ అబద్ధం చెప్పలేదు. కాయిల్ మీదుగా గాలి సరిగ్గా పారకపోతే లోపలి గ్యాస్‌కు గదిలోని వేడి అందదు. వేడి అందకపోతే పీడనం పడిపోతుంది. మీటరు చూపించేది పీడనాన్నే కాబట్టి గ్యాస్ తగ్గినట్టే కనిపిస్తుంది. కాయిల్ చలి మరీ ఎక్కువై దాని మీద మంచు పేరుకుంటుంది. ఏసీ ఆపగానే ఆ మంచు కరిగి సోఫా మీద కారుతుంది. ఇలాంటి ఏసీకి గ్యాస్ ఎక్కిస్తే, శుభ్రం చేసిన తరవాత ఆ గ్యాస్ ఎక్కువై కంప్రెసర్‌కు భారమవుతుంది.

ఇంతకీ బ్లోయర్ అంటే ఏమిటో చెప్పాలి. ఇండోర్ యూనిట్‌లో గాలిని నడిపేది సీలింగ్ ఫ్యానులాంటిది కాదు. రోకలిలా పొడవుగా, లోపల బోలుగా ఉండి, చుట్టూ సన్నటి రెక్కలున్న ప్లాస్టిక్ చక్రం. పాల్ మోర్టియర్ అనే ఫ్రెంచి ఇంజనీరు 1893లో పేటెంటు తీసుకున్న పంకా రకం ఇది. గాలి ఒక పక్క రెక్కల మధ్య నుంచి లోపలికి దూరి, చక్రాన్ని అడ్డంగా దాటి, రెండో పక్క రెక్కల మధ్య నుంచి బయటికొస్తుంది. ఒక్కో రెక్కా దోసిలిలా వంగి ఉంటుంది, ఆ వంపే గాలిని తోస్తుంది. దోసిట్లో మట్టి నిండితే నీళ్ళెన్ని పడతాయి? ఇదీ అంతే. ఫిల్టరును తప్పించుకునే సన్నటి దుమ్ముకు వంటింటి నూనె ఆవిరి, అగరుబత్తి పొగ, కాయిల్ తడి తోడై బంకలా అంటుకుంటుంది. రెక్క లోతే కొద్ది మిల్లీమీటర్లు. అది పూడిపోతే మోటరు ఎంత తిరిగినా గాలి కదలదు.

దీన్ని బయటి నుంచి జెట్ కొట్టి వదిలిస్తామంటారు. ఆ ధారకు చక్రం గిర్రున తిరుగుతుంది తప్ప రెక్క వంపులోని బంక పూర్తిగా రాదు. వచ్చిన కాస్తా వెనకగోడకూ డ్రెయిన్ ట్రేలోకీ చేరుతుంది. పెద్ద ఒత్తిడి ధార కాయిల్ మీద పడితే ఇంకో నష్టం. కాయిల్ మీది అల్యూమినియం ఫిన్స్ కాగితమంత పలచన, మిల్లీమీటరులో పదో వంతు. అడ్డంగా ధార తగిలితే ఒకదాని మీద ఒకటి వాలిపోతాయి. అప్పుడు దుమ్ము పోయినా గాలికి దారి ఉండదు. పేరుకుపోయిన బ్లోయర్‌ను బయటికి తీసి కడగడమే సరైన పద్ధతని నా నమ్మకం.

తీయాలంటే అందరికీ ఒకటే భయం: గ్యాస్ పోతుందేమోనని. కాయిల్‌ను గోడ నుంచి విడదీయక్కర్లేదు. రాగిగొట్టాల నట్లు విప్పక్కర్లేదు. అవి విప్పితే గ్యాస్‌ను ఔట్‌డోర్ యూనిట్‌లోకి లాగి పెట్టాలి, మళ్ళీ బిగించాక వ్యాక్యూమ్ చేయాలి. అదంతా వేరే పని. బ్లోయర్ కోసం కాయిల్ ఎడమ చివరను నాలుగు సెంటీమీటర్లు పైకి లేపితే చాలు. మా అక్కవాళ్ళ ఏసీలో గొట్టాలు కాయిల్‌కు కుడివైపునే అతికి ఉన్నాయి, చాలా ఏసీల్లోనూ అంతే. అందుకని కుడివైపు తలుపు బందులా నిలిచి ఉండాలి, ఎడమవైపే లేవాలి. కుడివైపు లేపితే రాగిగొట్టం నొక్కుకుపోతుంది, లేదా అతుకు దగ్గర చిట్లుతుంది. నిజంగా గ్యాస్ పోయేది అప్పుడే.

మాకు తెలిసిన మెకానిక్ కుర్రాడిని తోడు పిలిచి మధ్యాహ్నం పని మొదలుపెట్టాం. ముందు ఏసీ స్విచ్ కాదు, ఎంసీబీయే దించాం. దించి పది నిమిషాలు ఆగాం. ఇన్వర్టర్ ఏసీ బోర్డులోని కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది. ఇంకో కారణం కూడా ఉంది. ఇప్పటి ఏసీల్లో ఫ్యాన్ మోటర్లు ఎక్కువగా డీసీవి. కరెంటు ఉండగా వాటి ప్లగ్గు పీకితే మోటరో బోర్డో కాలిపోతుంది.

తరవాత ఫిల్టర్లు, గాలిని మళ్ళించే పలక, ముందు కవరు వరసగా తీశాం. కవరు కింద అంచున చిన్న మూతల చాటున మరలుంటాయి, పైన ప్లాస్టిక్ కొక్కేలుంటాయి. మరలన్నీ తీశామో లేదో చూసుకోకుండా లాగితే ఆ కొక్కేలే ముందు విరుగుతాయి. వైర్లు విప్పబోయే ముందు ఫోనులో నాలుగు ఫొటోలు తీశాం. కాయిల్‌కు రెండు సన్నటి సెన్సర్లుంటాయి. ఒకటి గది వేడి చూసేది, ఇంకొకటి రాగి గొట్టానికి అతికిన చిన్న గూట్లో ఉండేది. వాటిని వైరు పట్టి లాగకూడదు, తల పట్టి తీయాలి. మళ్ళీ అదే గూట్లో పెట్టకపోతే ఏసీ ఎప్పుడు ఆగాలో దానికి తెలియదు. బోర్డు పెట్టె విప్పి, పాలిథిన్ కవరులో చుట్టి పక్కన పెట్టాం. ట్రే కింద బకెట్ పెట్టి దాన్నీ దించాం. ట్రే నిండా జిగురుగా నల్లటి నాచు.

ఇక అసలు మర. బ్లోయర్ కుడి చివర మోటరు ఇరుసుకు ఒక్క చిన్న మరతో బిగించి ఉంటుంది. చేత్తో మెల్లగా తిప్పితే ఒకచోట రెక్కల మధ్య సందు కొంచెం వెడల్పుగా ఉంటుంది, లోపల మర తల కనిపిస్తుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ సరిగ్గా ఆనితేనే తిప్పాలి. తల అరిగిపోతే ఇక బ్లోయర్ పగలగొట్టడమే గతి. తుప్పు పట్టి ఉంటే తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి పావుగంట ఆగాలి. మాది ఆగాకే కదిలింది. వదులు చేసే ముందు కుడి చివరకీ గోడకీ మధ్య ఎంత సందుందో పెన్సిలుతో గీత పెట్టుకున్నాం. ఆ గీతే తరవాత మమ్మల్ని కాపాడింది.

ఎడమవైపు కాయిల్ మరలు రెండు తీసి, చివర కాస్త లేపి, మడతపెట్టిన గుడ్డ దూర్చాం. రబ్బరు బుష్షుతో సహా బ్లోయర్‌ను ఎడమకు జరిపి, ఇరుసు నుంచి విడిపించి, కిందికి వంచి తీశాం. అన్ని ఏసీలూ ఇలాగే ఉండవు. కొన్నింటిలో కాయిల్ లేపకుండానే కింది నుంచి వస్తుంది, ఇంకొన్నింటిలో మోటరుతో కలిపి తీయాలి. బలం పెట్టాల్సి వస్తే ఎక్కడో ఒక మర మిగిలిందని అర్థం.

బ్లోయర్‌ను బాత్‌రూములో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన మామూలు నీళ్ళలో అరగంట నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో రెక్క వెంట రెక్క తోమాం. వేడినీళ్ళు వద్దు, ప్లాస్టిక్ వంగితే ఊగుతుంది. రెక్కల మీద అక్కడక్కడా చిన్న క్లిప్పుల్లాంటివి కనిపిస్తే పీకకండి. చక్రం తూకం కోసం పెట్టినవి అవి. ఒక్క రెక్క విరిగినా తూకం తప్పి, ఏసీ వేసినప్పుడల్లా గోడ గుర్రుమంటుంది.

కాయిల్ కడగడానికి బ్లోయర్ లేని ఈ సమయమే మంచిది. దుమ్ము గాలితోపాటు బయటి నుంచి లోపలికి వచ్చి పైముఖాన పేరుకుంటుంది. బ్లోయర్ ఉండగా లోపలివైపు చెయ్యి దూరదు. ఇప్పుడు దూరుతుంది కాబట్టి లోపలి నుంచి బయటికి నీళ్ళు కొట్టి, దుమ్మును వచ్చిన దారినే పంపొచ్చు. ఏసీ కింద వాషింగ్ కవరు కట్టి, దాని గొట్టం బకెట్లోకి వదిలాం. మొక్కలకు మందు కొట్టే చేతి స్ప్రేయరుతో, ఫిన్స్ ఏ దిక్కున ఉన్నాయో ఆ దిక్కునే, పైనుంచి కిందికి మెల్లగా కొట్టాం. జిడ్డు ఉన్నచోట అల్యూమినియానికి పనికొచ్చే కాయిల్ క్లీనర్ చల్లి పది నిమిషాలు ఆగి, నురుగు ఆనవాలు లేకుండా కడిగాం. బాత్‌రూము యాసిడ్, కాస్టిక్ సోడా మాత్రం తెలియక కూడా వాడొద్దు. ఫిన్స్ మీద నీళ్ళు జారిపోయేలా ఒక పూత ఉంటుంది, అది పోతుంది. ఆపైన అల్యూమినియాన్నీ తినేస్తాయి.

అంతా ఆరాక తీసినదానికి ఎదురుక్రమంలో బిగించాం. మోటరు ఇరుసు ఒకవైపు చదునుగా ఉంటుంది, మర ఆ చదును మీదే ఆనాలి. గుండ్రటి వైపు బిగిస్తే కొన్నాళ్ళకు జారుతుంది. పెన్సిలు గీతకు సరిచూసి, కవరు పెట్టకముందే చేత్తో తిప్పాం. ఎక్కడా రాసుకోలేదు. ట్రేలో చెంబెడు నీళ్ళు పోస్తే డ్రెయిన్ గొట్టంలోంచి సాఫీగా బయటికెళ్ళాయి. కదిలిన రాగి అతుకుల మీద సబ్బునురుగు రాసి చూశాం. బుడగలు రాలేదు. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాస్‌కు కొంత మండే గుణం ఉంది. బుడగలు వస్తే కిటికీలు తెరిచి, మంట దగ్గరికి రానివ్వకుండా పని ఆపాలి.

అరగంట ఫ్యాన్ మోడ్‌లో నడిపి, తరవాత కూలింగ్ పెట్టాం. ఏసీ గాలి 17 డిగ్రీలకు వచ్చింది. ఇంతకుముందు 9 కదా, ఎక్కువైందేమిటి అని అక్క కంగారుపడింది. అది మంచి లక్షణమే. ఇప్పుడు ఎక్కువ గాలి కాయిల్‌ను దాటుతోంది, హాలు అవతలి కుర్చీ దాకా తగులుతోంది. కానీ మీటరు పెడితే ఈసారి పీడనం ఎక్కువ చూపించింది, మొన్న ఎక్కించిన గ్యాస్ అది. కుర్రాడు మర్నాడు వచ్చి మొత్తం గ్యాస్ సిలిండర్‌లోకి తీసి, ఔట్‌డోర్ యూనిట్ మీది ప్లేటులో రాసి ఉన్నన్ని గ్రాములు తూకం వేసి ఎక్కించాడు.

ఇది ఒక్కరు నిచ్చెన ఎక్కి చేసే పని కాదు. రాగిగొట్టాల మీద నూనె మరకలు కనిపిస్తేనో, మర కదలకపోతేనో, వారంటీ ఇంకా ఉంటేనో మీరు ముట్టుకోకండి. మెకానిక్‌నే పిలవండి. ఆయన గ్యాస్ తగ్గిందంటే మాత్రం, మీటరు పెట్టే ముందు టార్చి వేసి బ్లోయర్ చూపించమని అడగండి.