దగ్గరికెళ్తే మాయమయ్యే గోడ

ట్రేడింగ్ యాప్‌లో ఏదైనా షేరు పేరు మీద నొక్కితే ‘మార్కెట్ డెప్త్’ అనే చిన్న పట్టిక కనిపిస్తుంది. ఒక పక్క కొనేవాళ్లు, ఇంకో పక్క అమ్మేవాళ్లు. రెండు పక్కలా ఐదేసి ధరలు. ఒక్కో ధర దగ్గర ఎన్ని ఆర్డర్లున్నాయి, అవన్నీ కలిపి ఎన్ని షేర్లు అనే అంకెలుంటాయి. అన్నీ ఐదొందలు, వెయ్యి షేర్లుగా ఉన్నచోట ఒక్క ధర దగ్గర మాత్రం 48,000 కనిపించిందనుకోండి. దాన్నే ట్రేడర్లు ‘గోడ’ అంటారు. క్షణాల్లో దాని స్క్రీన్‌షాట్ గ్రూపుల్లోకి వచ్చేస్తుంది. ‘పైన పెద్ద సెల్లర్ కూర్చున్నాడు, ధర దాటదు, అమ్మేయండి’ అని కింద ఒక మాట కూడా ఉంటుంది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ఆఫీసులో నా పనే లాగ్‌లు చదవడం. అదే అలవాటుతో బ్రోకర్ ఇచ్చే లైవ్ ఫీడ్ నుంచి ఓ మిడ్‌క్యాప్ షేరు డెప్త్‌ను కొన్ని నెలలుగా ఫైల్లో దాచుకుంటున్నాను. ఆ ఫైళ్లు తిరగేస్తే ఒక సంగతి అర్థమైంది. గోడ ఎంత పెద్దదన్నది పెద్దగా ఏమీ చెప్పదు. అది ఎలా కరిగిందన్నదే అసలు విషయం.

ఎందుకంటే డెప్త్‌లో కనిపించేది జరిగిన లావాదేవీ కాదు, ఉత్త మాట. లిమిట్ ఆర్డర్ పెట్టినవాళ్లు అది అమలయ్యేలోపు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అమలు కాని ఆర్డర్‌కి బ్రోకరేజీ కూడా పడదు. కాబట్టి గోడ కట్టడానికి పెద్దగా ఖర్చుండదు. ఆర్డర్‌కి సరిపడా మార్జిన్ ఉంటే చాలు.

మూడు సెకన్ల లెక్క

నా ఫైల్లోంచి ఒక ఉదాహరణ. ఉదయం 10:42కి షేరు ధర 412 రూపాయల దగ్గరుంది. అమ్మకాల వైపు 412.30 దగ్గర 48,000 షేర్లు, ఆర్డర్లు మూడే. మొదటి అనుమానం ఇక్కడే రావాలి. చిన్న మదుపరులంతా ఒక ధర దగ్గర గుమిగూడితే ఆ కాలమ్‌లో వందో, నూట యాభయ్యో కనిపించాలి. మూడే ఉన్నాయంటే ఒకరో ఇద్దరో పెట్టారని అర్థం. ఇది మోసమని దీన్ని బట్టి తేలదు. కానీ గోడంతా ఒక్క చెయ్యి వెనక్కి తీస్తే పోతుందని మాత్రం తెలుస్తుంది.

ధర మెల్లగా పైకి జరిగింది. 412.25 దగ్గరున్న చిన్న ఆర్డర్లు కూడా అయిపోవచ్చాయి, తర్వాత గోడే. అప్పుడు టైమ్ 10:42:16. మూడు సెకన్ల తర్వాత చూస్తే 412.30 దగ్గర ఒక్క షేరు కూడా లేదు.

ఎవరైనా కొనేశారా? ఇది తేల్చడానికి ఆ రోజు మొత్తం వాల్యూమ్ చూపించే అంకె ఒక్కటి చాలు. ఆ మూడు సెకన్లలో అది 1,350 మాత్రమే పెరిగింది. ఆ 1,350లో కొన్ని 412.25 దగ్గరే అమ్ముడై ఉంటాయి. పోనీ అన్నీ గోడలోంచే కొన్నారనుకుందాం. అప్పుడు కూడా లెక్క ఇలా వస్తుంది:

```
48000 - 1350 = 46650
```

అంటే కనీసం 46,650 షేర్లు అమ్ముడు కాకుండానే అక్కణ్నుంచి లేచిపోయాయి. ‘కనీసం’ అని ధీమాగా చెప్పొచ్చు, ఎందుకంటే వాల్యూమ్ మొత్తాన్నీ మనం గోడ ఖాతాలోనే రాశాం. నిజంగా ఎవరో గోడను కొనేసి ఉంటే వాల్యూమ్ కూడా దాదాపు 48,000 పెరగాలి.

ఇంకో రెండు సెకన్లకి అదే 48,000, అవే మూడు ఆర్డర్లు 412.45 దగ్గర ప్రత్యక్షమయ్యాయి. ధర మళ్లీ దగ్గరికొచ్చేసరికి ఇంకాస్త పైకి జరిగాయి. నిజంగా అమ్మాలనుకునేవాడు కొనేవాడు వస్తే సంతోషిస్తాడు. కొనేవాడు గుమ్మంలోకి వచ్చిన ప్రతిసారీ దుకాణం ఎత్తేసేవాడికి అమ్మే ఉద్దేశం ఉందంటారా?

గోడ ఎవరి కోసం?

ఇలాంటి ఆటకు ‘స్పూఫింగ్’ అని పేరు. గోడ కట్టినవాడి అసలు ఆర్డర్ అవతలి పక్క చిన్నగా ఉంటుంది. ఉదాహరణకు 411.90 దగ్గర 2,000 షేర్లు కొనడం. పైన గోడ చూసి భయపడ్డవాళ్లు అమ్ముతారు, ధర జారుతుంది, అతని 2,000 షేర్లు చవగ్గా దొరుకుతాయి. వెంటనే గోడ తీసేస్తాడు. ధర లేచాక ఈసారి కొనే పక్క గోడ కట్టి, కొన్న షేర్లు అమ్ముకుంటాడు.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ నవీందర్ సింగ్ సరావ్. లండన్ శివారు హౌన్స్‌లోలో తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని షికాగో ఎక్స్చేంజిలో ఎస్ అండ్ పీ 500 ఇండెక్స్ ఫ్యూచర్స్ ట్రేడ్ చేసేవాడు. అతని ప్రోగ్రామ్ అమ్మకాల వైపు కొన్ని మెట్లు పైన పెద్ద పెద్ద ఆర్డర్లు పేర్చేది. ధర కదిలితే అవన్నీ అంతే దూరంలో ఉండేలా తామే జరిగేవి. 2010 మే 6న ఆ ఆర్డర్లను 19,000 సార్లకు పైగా మార్చాడని, చివరికి రద్దు చేశాడని అమెరికా అధికారులు చెప్పారు. ఆ మధ్యాహ్నమే డౌ జోన్స్ నిమిషాల్లో కుప్పకూలి, మళ్లీ చాలావరకు కోలుకుంది. ఆ పతనానికి అతనొక్కడే కారణం కాదు. కానీ స్పూఫింగ్ నేరాన్ని 2016లో ఒప్పుకున్నాడు. 2020లో ఏడాది గృహ నిర్బంధం పడింది.

మన దగ్గరా ఇది నిషిద్ధమే. 2025 ఏప్రిల్‌లో సెబీ ఒక బ్రోకింగ్ సంస్థ మీద ఇవే ఆరోపణలతో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

గోడ మాయమైందంటే స్పూఫింగ్ రుజువైనట్టు కాదు. ఇండెక్స్ ఒక్కసారిగా కదిలితే నిజాయతీగా ఆర్డర్ పెట్టినవాళ్లూ వెనక్కి తీసుకుంటారు. గోడ కట్టిందీ, అవతలి పక్క కొన్నదీ ఒక్కరేనా అన్నది ఎక్స్చేంజికే తెలుస్తుంది, మన పట్టికలో పేర్లుండవు. పైగా మనకొచ్చే ఫీడ్ సినిమా కాదు, వరుస ఫొటోలు. రెండు ఫొటోల మధ్య పుట్టి పోయిన ఆర్డర్లు మనకు కనిపించవు. అందుకే ఒక్కసారి జరిగితే నేను పట్టించుకోను. ధర దగ్గరికొచ్చినప్పుడల్లా అదే సైజు గోడ మూడు నాలుగుసార్లు తప్పుకుంటే, ఆ అంకెను పట్టికలోంచి కొట్టేసి మిగతాదే చదువుతాను.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఒకటుంది. ఆర్డర్ పెట్టేటప్పుడు ‘డిస్‌క్లోజ్డ్ క్వాంటిటీ’ వాడితే మొత్తం షేర్లలో కొంత భాగమే బయటికి కనిపిస్తుంది. ఒక ధర దగ్గర చూస్తే 500 షేర్లే ఉంటాయి. కానీ ధర అక్కడే ఆగిపోయి, వాల్యూమ్ 9,000 పెరిగినా ఆ 500 మళ్లీ మళ్లీ నిండుతూనే ఉంటుంది. నిజమైన అమ్మకందారు అక్కడున్నాడు. ఆ స్క్రీన్‌షాట్ మాత్రం ఏ గ్రూపులోనూ కనిపించదు, ఎందుకంటే అందులో పెద్ద అంకె ఉండదు.

ఈసారి గోడ ఫొటో వస్తే అమ్మే బటన్ జోలికి వెళ్లకముందు రెండు అంకెలు రాసుకోండి. గోడ సైజు, ఆ క్షణానికి వాల్యూమ్. ధర గోడను తాకేదాకా ఆగి, మళ్లీ ఆ రెండూ చూడండి. గోడ తగ్గినంతా వాల్యూమ్‌లో చేరిందా, లేదా?