హెచ్‌ఆర్‌కు రాసే ఫిర్యాదు మెయిల్

హెచ్‌ఆర్‌కు పంపిన ఫిర్యాదును మొదట చదివేది ఒక్కరే అయినా, విచారణ మొదలయ్యాక అది మరికొందరి ముందుకు వెళుతుంది. ఎవరి మీద ఫిర్యాదో వారికీ అందులోని విషయం చెప్పి, సంజాయిషీ అడగాల్సి వస్తుంది. కాబట్టి "ఇది నీకెలా తెలుసు?" అని అడిగితే ప్రతి వాక్యానికీ జవాబు ఉండాలి.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఎన్ని గంటలు పనిచేసినా టైమ్‌షీట్‌లో ఎనిమిదే వేయమని టీమ్ లీడ్ చెబుతున్నారు. కోపంలో ఉన్న ఉద్యోగి "మా లీడ్ ఎప్పుడూ మా శ్రమ దోచుకుంటున్నారు, మేనేజరుకు అంతా తెలుసు" అని రాస్తారు. ఆ బాధ నిజమే. కానీ హెచ్‌ఆర్ సరిచూడగలిగింది అందులో ఒక్కటీ లేదు. పైగా "ఎప్పుడూ" అన్నందుకు, సరిగా గంటలు వేసిన ఒక్క రోజు చూపించినా ఫిర్యాదు మొత్తం తేలిపోతుంది. మేనేజరుకు తెలుసన్నది ఊహ.

అదే సంగతి ఇలా రాయవచ్చు: "మార్చి 3న ఉదయం 9.30కి వచ్చి రాత్రి 8.45కి వెళ్లాను. భోజన విరామం పోను పదిన్నర గంటలు నమోదు చేశాను. మర్నాడు దాన్ని 8కి మార్చమని లీడ్ చాట్‌లో రాశారు. మార్చి 10న, 12న కూడా ఇలాగే జరిగింది. మూడు స్క్రీన్‌షాట్లు జతచేశాను." ఇప్పుడు హెచ్‌ఆర్ ఐడీ కార్డు స్వైప్ వివరాలతో పోల్చి చూడవచ్చు. చివర కోరికా స్పష్టంగా ఉండాలి: ఆ మూడు రోజుల గంటలు సరిచేయాలని.

గోప్యత విషయంలో చాలామంది పొరబడతారు. "ఎవరికీ చెప్పకండి" అంటే హెచ్‌ఆర్ మాట ఇవ్వలేదు, ఎవరినీ అడగకుండా విచారణ సాగదు. "విచారణకు అవసరమైనవారికే చెప్పండి, నా పేరు బయటపెట్టే ముందు నాకు తెలియజేయండి" అనడం ఆచరణలో సాధ్యం. మెయిల్‌ను గ్రూప్ చిరునామాకు కాక ఒక అధికారి పేరిట పంపాలి, సహోద్యోగులను కాపీలో పెట్టకూడదు. సబ్జెక్టు లైన్ పక్కవారి కంట కూడా పడవచ్చు గనుక అందులో ఎవరి పేరూ ఉండరాదు: "గోప్యం: టైమ్‌షీట్ నమోదు గురించి" చాలు. ఆధారాల కోసమని క్లయింటు పత్రాలను సొంత మెయిల్‌కు పంపుకుంటే, ఫిర్యాదీ మీదే నిబంధనల ఉల్లంఘన పడే ప్రమాదం ఉంది.

మహిళా ఉద్యోగిపై లైంగిక వేధింపులైతే దారి వేరు. 2013 చట్టం ప్రకారం ఆ ఫిర్యాదు సంస్థలోని అంతర్గత కమిటీకి, సాధారణంగా ఘటన జరిగిన 3 నెలల్లోపు, లిఖితపూర్వకంగా అందాలి. అక్కడ గోప్యత కోరి తెచ్చుకునేది కాదు, ఫిర్యాదుదారు వివరాలు వెల్లడించకూడదని ఆ చట్టమే నిర్దేశించింది.

పంపిన తర్వాత వారంలో జవాబు రాకపోతే కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా పాతదానికే రిప్లై ఇవ్వాలి. మొదట ఏ రోజు చెప్పారో ఆ తేదీ అందులోనే కనబడుతుంది.