రెండు ఊళ్లు, ఒకటే ఫైలు

జీఎస్టీ రిటర్నుకు గడువు రోజు. ఒక ఆడిటరు గారికి విజయవాడలో పెద్దాఫీసు, విశాఖలో బ్రాంచి ఉన్నాయనుకుందాం. పొద్దున 11 గంటలకు విజయవాడ అసిస్టెంటు ఒక క్లయింటు ఎక్సెల్ షీటు తెరిచి 40 వరుసలు ఎక్కించాడు. 11.40కి సేవ్ చేశాడు. ఈలోగా 11.20కి విశాఖలో ఇంకొకామె అదే షీటు తెరిచింది, రెండు అంకెలు దిద్దింది, 11.45కి సేవ్ చేసింది. మధ్యాహ్నం భోంచేసి వచ్చి చూస్తే విజయవాడ అతని 40 వరుసలూ లేవు. వైరస్ కాదు, ఎవరూ చెరపలేదు, సర్వరూ పాడవలేదు. ఏర్పాటు చేసిన పద్ధతి ప్రకారమే అంతా జరిగింది. వరుసలు ఎక్కడికి పోయాయో తెలియాలంటే ఆ పద్ధతేమిటో ముందు తెలియాలి.

రెండు ఆఫీసుల మధ్య ఉన్నది సైట్-టు-సైట్ వీపీఎన్. ఫోన్‌లో వేసుకునే వీపీఎన్ యాప్ ఒక్క మనిషి కోసం పనిచేస్తుంది. ఇది మొత్తం ఆఫీసు కోసం. విజయవాడ రౌటరు, విశాఖ రౌటరు ముందే ఒప్పుకున్న రహస్య తాళంచెవితో ఒకదాన్నొకటి గుర్తుపట్టి, ఇంటర్నెట్ లోపలే సొంత దారి వేసుకుంటాయి. ఆ దారిలో వెళ్లేదంతా సంకేతాల్లోకి మారిపోతుంది కనుక మధ్యలో ఎవరు పట్టుకున్నా చదవలేరు. సిబ్బంది ఏ యాపూ తెరవక్కర్లేదు. విశాఖ కంప్యూటరుకు విజయవాడ సర్వరు పక్కగదిలో ఉన్నట్టే కనిపిస్తుంది.

ఈ దారి వేసేటప్పుడు చాలామంది తడబడేది చిరునామాల దగ్గర. చాలా రౌటర్లు కొన్నప్పుడే లోపలి కంప్యూటర్లకు `192.168.1.x` అనే వరుసలో చిరునామాలు ఇస్తాయి. రెండు ఆఫీసుల్లోనూ అదే వరుస ఉంటే, ఒకే ఊళ్లో రెండు వీధులకు ఒకే పేరు పెట్టినట్టే. ఉత్తరం ఏ వీధికి పోవాలో రౌటరుకు తెలియదు. అందుకే విజయవాడకు `192.168.10.x`, విశాఖకు `192.168.20.x` అని ముందే విడదీయాలి. ఇంకొకటి, కనీసం ఒక ఆఫీసుకైనా ఎప్పటికీ మారని పబ్లిక్ ఐపీ చిరునామా తీసుకోవాలి. అప్పుడు రెండో ఆఫీసు రౌటరు తానే వెళ్లి ఆ తలుపు తట్టగలదు.

దారి పడింది కదా, ఫైళ్లన్నీ విజయవాడ సర్వరులోనే ఉంచి విశాఖ వాళ్లు అక్కడివే తెరుచుకోవచ్చు కదా? తెరుచుకోవచ్చు, కానీ ఓపిక కావాలి. షేర్డ్ ఫోల్డరులోని ఫైలు తెరవడం ఒక్క ప్రశ్నతో అయ్యే పని కాదు. ఈ పేరుతో ఫైలుందా, నాకు అనుమతి ఉందా, ఎవరైనా తెరిచి ఉంచారా, మొదటి ముక్క ఇవ్వు, తర్వాతి ముక్క ఇవ్వు అని కంప్యూటరు సర్వరును అడుగుతూనే ఉంటుంది. ఒక ఫైలుకు 300 ప్రశ్నలు పడ్డాయనుకుందాం. ఆఫీసు లోపలైతే ఒక్కో ప్రశ్నకు అర మిల్లీసెకను చొప్పున లెక్కపెట్టలేనంత తొందరగా అయిపోతుంది. విశాఖ నుంచి పోయి రావడానికి 30 మిల్లీసెకన్లు పడితే, 300 ప్రశ్నలకు 9 సెకన్లు. ఇంటర్నెట్ వేగం రెట్టింపు చేయించినా ఇది పెద్దగా తగ్గదు, ఎందుకంటే ఆలస్యమంతా రాకపోకలది.

అందుకే విశాఖలోనూ ఒక సర్వరు పెడతారు. విండోస్ సర్వర్‌లో ఉండే డీఎఫ్ఎస్ రెప్లికేషన్ అనే ఏర్పాటు రెండు సర్వర్లలోని ఫోల్డర్లనూ ఒకేలా ఉంచుతుంది. దీనికి రెండు సర్వర్లూ ఒకే యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కింద ఉంటే చాలు. ఎవరి ఊళ్లో వాళ్లు తమ సర్వరులోని ఫైలే తెరుస్తారు కనుక ఎదురుచూపు ఉండదు. ఫైలు సేవ్ చేసి మూసేశాక, మారిన భాగం మాత్రమే వెనకగా రెండో ఊరికి పోతుంది. రోజుకు 2 జీబీ మార్పులుంటే, 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద పావుగంట లోపు పని.

మొదటిసారి మాత్రం మొత్తం పంపాలి. 200 జీబీ అయితే అదే వేగానికి లెక్క ప్రకారమే 22 గంటలకు పైగా పడుతుంది, నిజంగా ఇంకా ఎక్కువే. అందుకని తెలిసినవాళ్లు ఫైళ్లను అనుమతులతో సహా ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి, బస్సులో విశాఖకు పంపి, అక్కడి సర్వరులో దింపాకే సింక్ మొదలుపెడతారు. అప్పుడు రెండు సర్వర్లూ పోల్చి చూసుకుని, తేడా ఉన్నవే పంపుకుంటాయి.

ఇప్పుడు ఆ 40 వరుసల దగ్గరికి వద్దాం. ఒకే సర్వరులో ఒకరు ఎక్సెల్ ఫైలు తెరిచి ఉంచితే, రెండోవాళ్లకు ‘వేరేవాళ్లు వాడుతున్నారు’ అని హెచ్చరిక వస్తుంది. ఆ తాళం వేసేది ఆ సర్వరు. డీఎఫ్ఎస్ రెప్లికేషన్ ఫైళ్లను మోస్తుంది గానీ తాళాలను మోయదు. కనుక విజయవాడలో ఫైలు తెరిచి ఉందని విశాఖ సర్వరుకు తెలియలేదు. 11.40కి విజయవాడ ప్రతి బయల్దేరి విశాఖ చేరినా, అక్కడ ఫైలు తెరిచి ఉంది కనుక లోపలికి పోలేక గుమ్మంలోనే ఆగింది. 11.45కి అక్కడామె సేవ్ చేసింది. ఒకే ఫైలుకు రెండు రూపాలు ఏర్పడితే చివర సేవ్ అయినదే నెగ్గుతుంది. ఓడిన ప్రతి `DfsrPrivate\ConflictAndDeleted` అనే దాచిన ఫోల్డరులోకి పోతుంది. ఈవెంట్ లాగ్‌లో 4412 అంకెతో ఒక నోటు పడుతుంది. మన 40 వరుసలు ఉన్నది ఆ ఫోల్డరులోనే. అక్కడి చోటుకు పరిమితి ఉంది, నిండితే పాతవి చెరిగిపోతాయి. అదే రోజు చూసుకుంటే దొరుకుతాయి. మూడు నెలల తర్వాత వెతికితే దొరుకుతాయన్న భరోసా లేదు.

దీనికి మందు కొత్త సాఫ్ట్‌వేర్ కాదు, ఫోల్డర్ల పంపకం. విజయవాడ క్లయింట్ల ఫోల్డర్లలో విజయవాడ వాళ్లే రాయాలి, విశాఖ వాళ్లకు చదివే అనుమతి మాత్రమే ఉండాలి. అటువైపూ అంతే. ఇది నోటిమాటగా కాక, ఫోల్డరు అనుమతుల్లోనే బిగించాలి. ఇద్దరూ రాయక తప్పని షీట్లు నాలుగైదు ఉంటే, వాటిని సింక్ నుంచి తప్పించి ఒక్క సర్వరులోనే ఉంచాలి. విశాఖ వాళ్లు ఆ 9 సెకన్లు ఓర్చుకుంటారు, కానీ తాళం పనిచేస్తుంది. రోజంతా తెరిచే ఉండే ట్యాలీ డేటా లాంటిదీ ఈ సింక్‌లో పెట్టకూడదు. దాన్ని ఒకచోటే ఉంచి, రెండో ఊరివాళ్లు రిమోట్ డెస్క్‌టాప్‌లో వాడుకోవడం మేలు.

సింక్ ఆగిపోతే ఎవరూ కేకపెట్టరు. దారి తెగినా ఎవరి ఫైళ్లు వాళ్లకు తెరుచుకుంటూనే ఉంటాయి, పాతవై ఉంటాయంతే. అందుకే రోజూ పొద్దున ఒకసారి, ఇంకా పంపాల్సినవి ఎన్ని మిగిలాయో అడగాలి:

```
dfsrdiag backlog /rgname:Clients /rfname:Data /smem:VJA-FS1 /rmem:VSP-FS1
```

విజయవాడ నుంచి విశాఖకు పోవాల్సినవి ఇది చెబుతుంది. చివరి రెండు పేర్లు తారుమారు చేసి రెండో దిక్కూ అడగాలి. `No Backlog` అని వస్తే సరే. అంకె రోజురోజుకూ పెరుగుతుంటే దారి తెగిందనో, డిస్కు నిండిందనో, ఎవరో ఒక ఫైలు మూయకుండా ఇంటికి వెళ్లారనో అర్థం.

రెండు ఊళ్లలో రెండు ప్రతులున్నాయి కదా, ఇక బ్యాకప్ ఎందుకని ఆడిటరు గారు అడగవచ్చు. విశాఖలో ఎవరైనా పొరపాటున ఒక ఫోల్డరు చెరిపితే, ఆ చెరపడం కూడా నిమిషాల్లో విజయవాడకు చేరుతుంది. రాన్సమ్‌వేర్ ఒకచోట ఫైళ్లను పాడుచేస్తే పాడైన ప్రతులే రెండోచోటికీ పోతాయి. మంచీ చెడూ ఎంచకుండా మోయడమే సింక్ పని. కాబట్టి రోజూ రాత్రి తీసి, సర్వరు నుంచి ఊడదీసి బీరువాలో పెట్టే డిస్కు ఇంకొకటి ఉండాల్సిందే. నిన్నటి ఫైలు దొరికేది అందులోనే.