బెజవాడ దాకా బ్యాటరీ వస్తుందా?

ఎలక్ట్రిక్ కారు కొనాలనుకునేవాళ్లు ముందు చూసేది కంపెనీ చెప్పే రేంజ్. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారుకు 450 కిలోమీటర్ల పైనే చెబుతారు. అయితే ఆ అంకెను తేల్చే పరీక్షలో కారు సగటు వేగం గంటకు 30 కిలోమీటర్ల పైచిలుకే, గరిష్ఠం 90. హైవే లెక్క వేరు.

వేగం 80 నుంచి 100కి పెరిగితే గాలి నిరోధం సగానికి పైగా పెరుగుతుంది. పైగా ఊళ్లో బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. హైవే మీద ఆ లాభం తక్కువ. అందుకే ఏసీ వేసుకుని 80లో వెళ్తే వంద కిలోమీటర్లకు 13 యూనిట్లు తాగే కారు, 100లో వెళ్తే 16 దాకా తాగుతుంది.

హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. 100 వేగంతో అయితే 44 యూనిట్లు కావాలి. అంటే బ్యాటరీ దాదాపు ఖాళీ. మధ్యలో ఒకసారి ఆగక తప్పదు. ఎక్కడ ఆగాలి?

చాలామంది వీలైనంత దూరం వెళ్లి ఆగుదామనుకుంటారు. 225 కిలోమీటర్ల దూరంలోని నందిగామ చేరేసరికి 20 శాతం ఛార్జింగ్ మిగులుతుంది. అక్కడ మెషిన్ పనిచేయకపోతే మిగతా 50 కిలోమీటర్లు ప్రాణాలు బిగబట్టుకుని వెళ్లాల్సిందే. అదే 135 కిలోమీటర్ల దగ్గర సూర్యాపేటలో ఆగితే ఇంకా 52 శాతం ఉంటుంది. అక్కడి మెషిన్ మొరాయించినా కోదాడ దాకా నిశ్చింతగా వెళ్లొచ్చు. సూర్యాపేటలో 80 శాతానికి ఎక్కిస్తే చాలు, విజయవాడలో దిగేసరికి 30 శాతం మిగులుతుంది. 80 దాటాక ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది కాబట్టి నిండే దాకా కూర్చోవడం దండగ.

మ్యాప్‌లో కనిపించే ప్రతి స్టేషన్‌నూ లెక్కలోకి తీసుకోకూడదు. 7 కిలోవాట్ల ఏసీ ఛార్జర్ రాత్రి బస చేసే హోటల్లో పనికొస్తుంది గానీ దారి మధ్యలో కాదు. 60 కిలోవాట్ల డీసీ మెషిన్‌కు రెండు గన్‌లు ఉంటే, పక్కన ఇంకో కారు పెట్టగానే చాలాచోట్ల మీకు అందేది 30కి పడిపోతుంది. అప్పుడు పావుగంట, ఇరవై నిమిషాల పని కాస్తా అరగంటకు చేరువవుతుంది. ఆ మెషిన్ దగ్గర చివరిసారి ఎవరు, ఎప్పుడు ఛార్జ్ చేశారో యాప్‌లో చూడండి. వారం నుంచి ఎవరూ వాడలేదంటే అనుమానించాల్సిందే. యాప్‌లు దించుకోవడం, వాలెట్‌లో డబ్బు వేయడం ఇంటి దగ్గరే ముగించుకోవాలి.

బయల్దేరేటప్పుడు ట్రిప్ మీటర్‌ను సున్నా చేయండి. చౌటుప్పల్ దాటి 50 కిలోమీటర్లు తిరిగేసరికి 18 శాతానికి మించి తగ్గిందంటే ఎదురుగాలో, బరువో, టైర్లలో గాలి తక్కువో కారణం కావచ్చు. వేగం 80కి దించితే లెక్క మళ్లీ దారికొస్తుంది.

కొనే ముందు మీరు తరచూ వెళ్లే దారికి ఇదే లెక్క కట్టి చూడండి. ఒక్క స్టేషన్ పనిచేయకపోతే ప్రయాణమే ఆగిపోయేలా ఉంటే, ఆ దారికి ఆ బ్యాటరీ చాలదు.