బీటెక్ ఎవరికి ఎంత పడుతుంది?

కొండాపూర్ హాస్టల్లో మా సీనియర్ అన్న ఒకాయన ఉంటాడు. చదివింది మెకానికల్, చేసేది జావా. నాలుగేళ్లు చదివిన థర్మోడైనమిక్స్ ఆఫీసులో ఒక్కరోజు కూడా పనికి రాలేదట. కోడింగ్ కంపెనీయే మూడు నెలలు కూర్చోబెట్టి నేర్పింది. మరి అదేదో ఇంటర్ కాగానే పిలిచి నేర్పొచ్చుగా, బీటెక్ ఎందుకు అడిగినట్టు?

దీనికి 1973లో మైఖేల్ స్పెన్స్ ఒక జవాబు రాశాడు. 2001లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఎదురుగా కూర్చున్న అభ్యర్థి చురుకైనవాడో కాదో కంపెనీకి తెలీదు. నోటితో అయితే అందరూ చురుకే! అందుకని చురుకైనవాడికి తక్కువలో అయ్యే, మిగతావాడికి భారమయ్యే పని ఏదైనా చేసి చూపించాలి. చదువు అలాంటి సిగ్నల్.

ఊహకి ఒక లెక్క వేద్దాం. డిగ్రీ ఉంటే మొత్తమ్మీద 12 లక్షలు ఎక్కువ వస్తాయనుకోండి. ఒక్కో ఏడాది చదువు చురుకైనవాడికి 2 లక్షలు, రెండోవాడికి 4 లక్షలు పడుతుంది. ఫీజు ఇద్దరికీ ఒకటే. తేడా అంతా సప్లీలు, ట్యూషన్లు, నిద్రలేని రాత్రులదే. కంపెనీ నాలుగేళ్లు అడిగితే మొదటివాడికి ఖర్చు 8, లాభం 12. చదువుతాడు. రెండోవాడికి ఖర్చు 16. మానేస్తాడు. ఎవరికి వాళ్లు తమ లాభం చూసుకున్నారు, కంపెనీకి మాత్రం ఇద్దరూ విడివిడిగా కనిపించారు. ఇదే సెపరేటింగ్ ఈక్విలిబ్రియం. రెండేళ్లే అడిగితే రెండోవాడికీ 8 లక్షలే కాబట్టి ఇద్దరూ చదివేస్తారు. ఏడేళ్లు అడిగితే మొదటివాడికే 14 అవుతుంది, ఎవరూ చదవరు.

ఇప్పుడు అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు, పరీక్ష ముందు రోజు ఇంపార్టెంట్ క్వశ్చన్స్ (మనకు తెలీనివి కావుగా) దొరికి, రెండోవాడి ఖర్చు ఏడాదికి రెండున్నరకి దిగిందనుకోండి. నాలుగేళ్లకి 10 లక్షలే. వాడూ చేరిపోతాడు, డిగ్రీ ఇక ఏమీ చెప్పదు. మళ్లీ విడదీయాలంటే కంపెనీ ఐదేళ్లు అడగాలి. అప్పుడు రెండోవాడికి పన్నెండున్నర, మొదటివాడికి 10. అంటే ఆ ఐదో ఏడాది మొదటివాడు కొత్తగా నిరూపించిందేమీ లేదు, పాత మాటే మళ్లీ చెప్పడానికి ఇంకో 2 లక్షలు పెట్టాడు. మన డ్రైవ్‌లలో టెన్త్ నుంచీ అరవై శాతం, బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు, పైన కోడింగ్ రౌండ్ అని అడిగేది ఆ ఐదో ఏడాదికి బదులే అనిపిస్తుంది నాకు.

చదువు ఏమీ నేర్పదని కాదు. స్పెన్స్ తన లెక్క తేలిగ్గా ఉండటానికి అలా అనుకున్నాడంతే. నాకు గుచ్చుకునేది వేరే. ఖర్చులో తేడా తెలివి వల్లే వస్తేనే ఈ సిగ్నల్ నిజం చెబుతుంది. తెలుగు మీడియంలో చదివొచ్చిన నా రూమ్మేట్ ఒక్కో పేజీ రెండుసార్లు చదువుతాడు, ఒకసారి ఇంగ్లీషు కోసం, ఒకసారి సబ్జెక్టు కోసం. వాడికి ఏడాదికి 4 లక్షల లెక్కే పడుతోంది. ల్యాబ్‌లో మా అందరి కోడ్‌లో తప్పులు పట్టేది మాత్రం వాడే. ఫస్టియర్ బ్యాక్‌లాగ్ ఒకటి ఉంది కాబట్టి మొన్నటి డ్రైవ్‌లో ఫారమ్ దగ్గరే ఆగిపోయాడు.