ఒంటిగంటకి ప్యాచ్, కుడివైపు బెంచీ

లేజీ ఐ ఉన్న పిల్లల తల్లిదండ్రులు స్కూలుకి రాసే ఉత్తరాల్లో చాలావరకు రెండే వాక్యాలు ఉంటాయి. పాప కంటికి ట్రీట్‌మెంట్ జరుగుతోంది, దయచేసి ముందు బెంచీలో కూర్చోబెట్టండి అని. వెనక డాక్టరు చీటీ జిరాక్స్ ఒకటి పిన్ను చేసి పంపిస్తారు. టీచరు చదివి సరేనంటుంది, మొదటి బెంచీలో ఎక్కడో ఒకచోట కూర్చోబెడుతుంది. మధ్యాహ్నం ప్యాచ్ వేసుకున్నాక ఆ పిల్ల బోర్డు మీది లెక్క తప్పుగా ఎక్కించుకుంటే పరాకు అనుకుంటుంది. అసలు చెప్పాల్సిన సంగతి ఉత్తరంలో లేకపోవడమే కారణం. ప్యాచ్ కింద ఉన్నది బాగున్న కన్ను, బయట ఉన్నది బాగా చూడలేని కన్ను.

ప్యాచ్ కనిపించగానే ఆ కన్నుకి కలకో దెబ్బో అనుకోవడం సహజం. లేజీ ఐలో చాలాసార్లు కన్ను చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. ఒక కన్నుకి పవర్ బాగా ఎక్కువ ఉన్నా, మెల్ల ఉన్నా, పుట్టుకతో శుక్లం ఉన్నా ఆ కన్ను పంపే బొమ్మ మసగ్గా ఉంటుంది, లేదా రెండో కన్ను బొమ్మతో కలవదు. మెదడు దాన్ని పక్కనపెట్టి రెండో కన్నునే నమ్ముకుంటుంది. పసితనంలో ఒక కన్ను మూసి ఉంచితే ఆ కన్నుకి మెదడులో ఉండాల్సిన చోటు రెండో కన్ను ఆక్రమించుకుంటుందని హ్యూబెల్, వీజెల్ పిల్లికూనల మీద చూపించారు. 1981 నోబెల్ వాళ్లకు దక్కడానికి ఆ పరిశోధన కూడా కారణం. అందుకే ముందు కళ్లజోడు ఇచ్చి కొన్ని వారాలు చూస్తారు. అది చాలకపోతే బాగున్న కన్నుని రోజూ కొన్ని గంటలు మూసి, మెదడు రెండో కన్నుతో పనిచేసేలా చేస్తారు.

ఎన్ని గంటలన్నది చూపుని బట్టి ఉంటుంది. అమెరికాలో పిల్లల కంటి వైద్యుల బృందం ఒకటి 2003లో ప్రచురించిన అధ్యయనాల్లో, ఏడేళ్లలోపు పిల్లల్లో లోపం ఒక మోస్తరుగా ఉంటే రోజుకి రెండు గంటల ప్యాచ్ ఆరు గంటలంత ఫలితమూ ఇచ్చింది. లోపం తీవ్రంగా ఉన్నవాళ్లకి ఆరు గంటలు వేసినా, రోజంతా వేసినా ఫలితం దాదాపు ఒక్కటే. రెండు గంటలైతే ఇంట్లోనే అయిపోతుంది, స్కూలుకి ఉత్తరం కూడా అక్కర్లేదు. చిక్కంతా ఆరు గంటల పిల్లలతోనే.

ఒకటో తరగతి పాపనొకదాన్ని తీసుకుందాం. ఎడమ కన్ను చూపు అద్దాలతో 6/36, కుడి కన్ను 6/6. డాక్టరు కుడి కన్నుకి రోజూ ఆరు గంటల ప్యాచ్ రాశారు. స్కూలు పొద్దున తొమ్మిది నుంచి మూడున్నర దాకా. తల్లి రాసే ఉత్తరం ఇలా ఉంటే టీచరుకి పనికొస్తుంది:

“టీచర్ గారికి నమస్కారం. మా పాప ఎడమ కన్ను సరిగా చూడదు. దానికి పని చెప్పడానికే బాగున్న కుడి కన్నుని ప్యాచ్‌తో మూస్తున్నాం. ప్యాచ్ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి ఏడింటి దాకా ఉండాలి. అన్నం తిన్నాక ఆయమ్మ చేత వేయిస్తే చాలు, ఏడింటికి ఇంట్లో మేమే తీస్తాం. ప్యాచ్ చర్మానికి అంటించి, దాని మీద కళ్లజోడు పెట్టాలి. ఊడిపోతే బ్యాగులో ముందు జేబులో ఇంకొకటి ఉంటుంది. అదీ లేకపోతే ఆ రోజుకి వదిలేయండి, సెల్లోటేపు మాత్రం వేయొద్దు. చర్మం ఎర్రబడినా, పాప బాగా ఏడ్చినా తీసేసి మాకు ఫోన్ చేయండి. స్లిప్ టెస్టు ఉన్న రోజు ముందుగా చెబితే, ఆ రోజు ప్యాచ్ ఇంటికొచ్చాకే వేస్తాం. డాక్టరు గారు ఒప్పుకున్నారు.”

పొద్దున కాకుండా మధ్యాహ్నం ఎందుకంటే, చదవడం, రాయడం, లెక్కలు చాలా స్కూళ్లలో పొద్దుటి పీరియడ్లలోనే జరుగుతాయి. అవి రెండు కళ్లతో చదువుకుంటుంది. మధ్యాహ్నం బొమ్మలకి రంగులు, కథలు, కాపీరైటింగ్ లాంటివి ఉంటే వాటితో ఎడమ కన్నుకి దగ్గరి పని దొరుకుతుంది. మీ స్కూల్లో లెక్కలు మధ్యాహ్నం ఉంటే ఈ ఏర్పాటు తిరగేయాల్సిందే. టైంటేబుల్ చూడకుండా వేళ రాయకూడదు.

ఇక చోటు. 6/36 అంటే మామూలు కన్ను 36 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఈ పాప ఆరు మీటర్ల నుంచి చదువుతుందని. వెనక బెంచీ బోర్డుకి ఆరు మీటర్ల దూరంలో ఉంటే, అయిదు సెంటీమీటర్ల పైన ఎత్తున్న అక్షరమే ఆమెకి కష్టం మీద అందుతుంది. రెండు మీటర్ల దూరంలోని ముందు బెంచీ నుంచయితే పావుతక్కువ రెండు సెంటీమీటర్ల అక్షరం అందుతుంది. తేలిగ్గా చదవాలంటే దానికి రెట్టింపు ఉండాలి. పైగా లేజీ కన్నుకి ఇంకో ఇబ్బంది ఉంది. విడిగా రాసిన అక్షరం కనిపిస్తుంది కానీ, పక్కపక్కన ఇరికించి రాస్తే అవే అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఒత్తులూ గుణింతాలూ ఉన్న మన రాతలో ఇది మరీ ఇబ్బంది. కాబట్టి పెద్దగా రాయమనడం కంటే ఎడంగా రాయమని అడగడం ముఖ్యం. డాక్టరు గదిలో ఒక్కొక్క అక్షరమూ చక్కగా చదివిన పిల్ల, వాచకంలో వాక్యం దగ్గర ఆగిపోవడానికి ఇదే కారణం కావచ్చు.

ముందు బెంచీ అని రాస్తే సగమే రాసినట్టు. కుడి కన్ను మూసి ఉన్నప్పుడు కుడి పక్క చివర ఏముందో పాపకి కనపడదు, ముక్కు కూడా అడ్డొస్తుంది. అందుకని బోర్డుకి ఎదురుగా కూర్చున్నప్పుడు గదికి కుడివైపు సగంలో చోటివ్వాలి. అప్పుడు టీచరూ, బోర్డూ, మిగతా పిల్లలూ ఆమెకి ఎడమవైపు, అంటే తెరిచిన కన్ను వైపు ఉంటారు. మరీ గోడ వారగా కూర్చోబెడితే బోర్డు ఏటవాలుగా కనిపిస్తుంది, మధ్యకి కాస్త కుడిగా ఉంటే చాలు. అదే చోటు పొద్దున ప్యాచ్ లేనప్పుడూ పనికొస్తుంది కనుక పూటపూటకీ మార్చక్కర్లేదు. ఎడమ కన్ను మూసే పిల్లలకి ఇదంతా అటుదిటు. ఏ కన్నో ఉత్తరంలో స్పష్టంగా రాయకపోతే టీచరు మంచి మనసుతోనే తప్పు వైపు కూర్చోబెడుతుంది.

ఒంటి కన్నుతో దూరం, లోతు అంచనా కూడా తప్పుతాయి. మెట్లు దిగేటప్పుడు, బస్సెక్కేటప్పుడు ఒకరు కుడివైపు నుంచి చేయి పట్టుకోవాలి. బంతాటలు ఆ పూటకి వద్దు.

పాప మోసం చేస్తోందా అనేది టీచరుకే ముందు తెలుస్తుంది. ముక్కు పక్కన ప్యాచ్ అంచు లేచి ఉంటే, గడ్డం ఎత్తి ఆ సందులోంచి చూస్తుంటే, బాగున్న కన్ను పనిచేస్తోందన్నమాట. అప్పుడు కసురుకోకుండా అంచు నొక్కితే సరిపోతుంది. చూడ్డానికి ముద్దుగా ఉంటుందని కొందరు కళ్లజోడుకి తగిలించే గుడ్డ ప్యాచ్ కొంటారు. ఇలా సందులోంచి తొంగిచూడ్డం దాంతో ఇంకా సులువు.

మంచి టీచర్లు చేసే పొరపాటు ఒకటుంది. నిన్న ప్యాచ్ వేయలేదు కదా, ఇవాళ పొద్దుట్నించే వేద్దాం అనుకుంటారు. తల్లిదండ్రులూ అలాగే లెక్క సరిచేయబోతారు. చెప్పిన గంటల కంటే మూసి ఉంచితే బాగున్న కన్ను చూపు కూడా తగ్గవచ్చు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి రెండు కళ్లనీ పరీక్షిస్తారు. తప్పిన గంటలు తప్పినట్టే వదిలేయమని ఉత్తరంలో రాయాలి.

చివర్లో తేదీ వేసి, ఈ వేళలు మళ్లీ చెక్-అప్ అయ్యే దాకానే అని రాసి, ఆ చెక్-అప్ తేదీ కూడా ఇవ్వాలి. చూపు మెరుగైతే డాక్టరు ప్యాచ్ ఒక్కసారిగా మానిపించకుండా ఆరు గంటల నుంచి రెండుకి తగ్గించవచ్చు. ఒక్కసారిగా ఆపేస్తే చూపు మళ్లీ వెనక్కి జారే ప్రమాదం ఎక్కువ. రెండు గంటలకి వచ్చిన రోజున టీచరుకి ఇంకో చీటీ వెళ్లాలి. ఆయమ్మ ఇక ప్యాచ్ వేయనక్కర్లేదు, కుడివైపు బెంచీ మాత్రం ఈ ఏడాదికి అలాగే ఉంచండి అని.