గాయకుల చెవిలో బ్లూటూత్ ఎందుకు పనికిరాదు?

ఫోన్‌లో ఏదైనా పియానో యాప్ తెరిచి, బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని ఒక కీ నొక్కి చూడండి. వేలు నొక్కేశాక స్వరం కాస్త తీరిగ్గా వస్తుంది. అవే ఇయర్‌బడ్స్‌తో సినిమా చూస్తే పెదవులకూ మాటకూ తేడా తెలియదు. అప్పుడు బ్లూటూత్ వేగం పుంజుకుందని కాదు. మాట ఎంత ఆలస్యంగా చేరుతుందో లెక్కగట్టి, ఫోన్ బొమ్మను కూడా అంతసేపు ఆపి చూపిస్తుంది. పియానో మీది వేలిని అలా ఆపలేదు. పాడే గొంతునూ ఆపలేదు.

స్టేజీ మీద గాయకులు చెవిలో పెట్టుకునేదాన్ని ఇన్‌ఇయర్ మానిటర్ అంటారు. తమ గొంతు, శ్రుతి, డ్రమ్స్ తమకు కావలసిన పాళ్లలో వినడానికే అది. లేకపోతే కాళ్ల దగ్గర ఏటవాలుగా పెట్టిన స్పీకర్లే దిక్కు. వాటి మోత మళ్లీ మైకులో దూరితే కీచుమని అరుస్తుంది. వైర్‌లెస్ సెట్‌లో మిక్సర్ నుంచి వచ్చే శబ్దాన్ని ట్రాన్స్‌మిటర్ గాలిలోకి పంపితే, నడుముకు తగిలించుకున్న రిసీవర్ అందుకుంటుంది. అక్కడి నుంచి చెవి దాకా మాత్రం మామూలు వైరే.

మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో ఆలస్యం సాధారణంగా 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంతో నడిచే పాట తీసుకుందాం. దెబ్బకు నాలుగక్షరాల చొప్పున ‘తకధిమి’ అంటే ఒక్కో అక్షరానికి 125 మిల్లీసెకన్లు. ఆలస్యం 200 అనుకుంటే, ‘త’ చెవిలో పడేసరికి నోరు ‘క’లో సగం దాటి ‘ధి’కి సిద్ధమవుతుంటుంది. తాళం మాట అటుంచండి, మాటే తడబడుతుంది. తన మాట తనకే ఇలా ఆలస్యంగా వినిపిస్తే మనిషి నత్తినత్తిగా మాట్లాడతాడని బెర్నార్డ్ లీ అనే అమెరికన్ 1950లోనే రాశాడు.

ఇంత ఆలస్యం ఎందుకంటే, బ్లూటూత్ ఒక్క ముక్కనూ పోగొట్టుకోకూడదనుకుంటుంది. శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా పోగుచేసి, కుదించి, పంపుతుంది. అవతల నుంచి ‘అందింది’ అన్న కబురు రాకపోతే మళ్లీ పంపుతుంది. ఆ మళ్లీ పంపడానికి వ్యవధి ఉండాలి కాబట్టి ఇయర్‌బడ్ కొంత శబ్దాన్ని ముందే నిల్వ చేసుకుని, తర్వాతే వినిపించడం మొదలుపెడుతుంది. ఆలస్యంలో పెద్ద వాటా ఈ నిల్వదే. బస్సులో పాట వినేవాడికి ఇది వరం. పాట తెగదు, ఎప్పుడు మొదలైందన్న పట్టింపూ అతనికి లేదు.

స్టేజీ పరికరాల పద్ధతి వేరు. పోయిన ముక్క కోసం అవి ఆగవు. యూహెచ్ఎఫ్‌లో నడిచే అనలాగ్ సెట్లు ఎఫ్‌ఎం రేడియో లాంటివి, వాటిలో ఆలస్యం లేదనే చెప్పాలి. డిజిటల్ సెట్లలో కొద్ది మిల్లీసెకన్లు ఉంటుంది. సిగ్నల్ బలహీనపడితే అనలాగ్‌లో ముందు బుస వినిపిస్తుంది. డిజిటల్‌లో చప్పున తెగుతుంది.

చిన్న ఆర్కెస్ట్రాలు ఎక్కువగా కొనేది 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు. వాటిలో ఆలస్యం తక్కువే, కానీ జనం ఫోన్ల వైఫై, బ్లూటూత్ నడిచేదీ ఆ దారిలోనే. సాయంత్రం ఖాళీ హాల్లో రిహార్సల్ బాగా సాగుతుంది. భోజనాల వేళకు హాలు నిండగానే చెవిలో శబ్దం తెగిపోవడం మొదలవుతుంది. బ్యాటరీ పోయిందనుకుని మార్చేవాళ్లే ఎక్కువ. నిజానికి ఈ తరంగాలను మనిషి ఒళ్లు బాగా అడ్డుకుంటుంది. ట్రాన్స్‌మిటర్‌ను మిక్సర్ టేబుల్ కింద కాకుండా స్టేజీ పక్కనే, రిసీవర్‌కు కనిపించేలా ఎత్తులో పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

కొద్ది మిల్లీసెకన్లయినా గాయకులు గొణుగుతారు, అది నిజమే. గొంతు ఎముకల గుండా క్షణంలో లోపలి చెవికి చేరుతుంది. అదే గొంతు 5 మిల్లీసెకన్ల తర్వాత ఇయర్‌ఫోన్ నుంచీ వస్తే, రెండూ కొన్ని స్థాయుల్లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గొట్టంలో పాడినట్టుందంటారు. డ్రమ్మర్‌కు 10 మిల్లీసెకన్లయినా ఇబ్బంది తోచదు, గాయనికి తోస్తుంది. కొత్త ఎల్ఈ ఆడియో బ్లూటూత్ బాగా తగ్గించినా, అన్నీ కుదిరితే 20–30 మిల్లీసెకన్ల దగ్గర ఆగుతుంది.

పైగా ఆలస్యాలన్నీ కూడుకుంటాయి. డిజిటల్ మైకుకు 3, మిక్సర్‌కు 2, ఇన్‌ఇయర్‌కు 4 అనుకుంటే మొత్తం 9. గాయని గొణుగుతుంటే సౌండ్ ఇంజినీర్ ముందుగా చేయగలిగింది, ఆమె చేతికి వైరున్న మైకు ఇవ్వడం. దాంతో ఆ 3 పోతాయి.